రేబీస్: గాయానికీ నరానికీ మధ్య ఉన్న వ్యవధి

కుక్క కరిచిన మనిషిలో రేబీస్ లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. అరుదుగా వారం పది రోజుల్లోనే బయటపడవచ్చు, ఏడాది దాటిన సందర్భాలూ ఉన్నాయి. అయినా వైద్యులు కరిచిన రోజునే చికిత్స మొదలుపెట్టాలని, గాయాన్నయితే ఆ నిమిషంలోనే కడగాలని పట్టుబడతారు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక సందేహం కలగడం సహజం. జబ్బు రావడానికి నెలల గడువు ఉన్నప్పుడు శనివారం సాయంత్రం కుక్క కరిస్తే సోమవారం వెళ్లి సూది వేయించుకుంటే నష్టమేమిటి? దీనికి సరైన సమాధానం దొరకాలంటే ఆ నెలల్లో వైరస్ ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో తెలియాలి.

రేబీస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉండే అతి సూక్ష్మమైన కణం. దాని లోపల ఐదు ప్రోటీన్లకు సరిపడా జన్యు సమాచారం మాత్రమే ఉంటుంది. పైన కొవ్వుతో కూడిన పలుచని పొర, ఆ పొర మీద ముళ్లలా పొడుచుకువచ్చిన ఒక ప్రోటీన్ ఉంటాయి. ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి. కొవ్వు పొర ఉండబట్టే సబ్బు ఈ వైరస్‌ను చంపగలుగుతుంది. ఆ ముళ్ల ప్రోటీన్ సాయంతోనే వైరస్ మన కణాలకు అతుక్కుంటుంది, టీకా వల్ల పుట్టే యాంటీబాడీలు పట్టుకునేదీ దాన్నే.

పిచ్చికుక్క కరిచినప్పుడు దాని లాలాజలంతో పాటు వైరస్ చర్మం కింది కణజాలంలోకి, లోతైన గాటు అయితే కండరంలోకి చేరుతుంది. అక్కడ అది కండర కణాల్లోకి ప్రవేశించి నెమ్మదిగా తన సంఖ్యను పెంచుకోగలదు. కండరాన్ని కదిలించే నరం చివర వచ్చి కండరంతో కలిసే సంధి ఒకటి ఉంటుంది. నరం పంపే రసాయన సందేశాన్ని అందుకోవడానికి అక్కడ కండరం మీద కొన్ని గ్రాహకాలు ఉంటాయి. వైరస్ ఆ గ్రాహకాలకు అతుక్కుని, నరం చివరకు ఆనుకునే కాచుకుంటుంది. అక్కడి నుంచి నరం చివరలోకి దూరిందంటే దానికి దారి దొరికినట్టే. నాడీకణానికి పొడవైన తోక లాంటి తంతువు ఉంటుంది. తంతువు చివరి నుంచి కణం నడిబొడ్డుకు సరుకులు చేరవేసే సహజమైన రవాణా ఏర్పాటు అందులో ఉంటుంది. వైరస్ ఆ రవాణా మీదే ఎక్కి వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు వెళుతుంది. రక్తం ద్వారా అది ప్రయాణించదు. కాబట్టి ఈ దశలో ఏ రక్తపరీక్ష చేసినా అది దొరకదు, మనిషికి జ్వరం కూడా ఉండదు.

నరంలో వైరస్ ప్రయాణించే వేగం రోజుకు సుమారు 50 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుందని అంచనా. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చు. పెద్దమనిషి పాదం నుంచి వెన్నుపాము వరకు నరం పొడవు సుమారు ఒక మీటరు. ఆ వేగంతో వెళితే వైరస్ పది నుంచి ఇరవై రోజుల్లో వెన్నుపామును చేరాలి. కానీ పాదం మీద కరిచిన కేసుల్లో జబ్బు బయటపడేది చాలాసార్లు రెండు మూడు నెలలకు. అంటే మిగిలిన కాలంలో ఎక్కువ భాగం వైరస్ ప్రయాణంలో లేదు, కరిచిన చోటే ఉంది. దాన్ని అడ్డుకోవడానికి మనకు దొరికే వ్యవధి అదే.

అయితే ఆ వ్యవధి ఎంతో ఎవరికీ ముందుగా తెలియదు. కండరంలో పెరగకుండానే వైరస్ నేరుగా నరం చివరలోకి దూరే అవకాశం కూడా ఉంది. గాటు లోతుగా ఉండి వైరస్ ఎక్కువ మోతాదులో పడితే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. వేలి కొసలు, పెదవులు, ముఖం, జననాంగాలు వంటి చోట్ల నరాల చివరలు ఒత్తుగా ఉంటాయి. పైగా ముఖం మీద, తల మీద, మెడ మీద కరిచినప్పుడు మెదడు వరకు ఉన్న దూరమే చాలా తక్కువ. ఒక మనిషిలో వైరస్ రెండు నెలలు గాయం దగ్గర ఉండిపోవచ్చు, మరొకరిలో రెండు రోజులే ఉండవచ్చు. ఈ ఇద్దరినీ వేరుచేసి చెప్పే పరీక్ష ఏదీ లేదు. శనివారం కాటు పడినవాడు సోమవారం దాకా ఆగితే చాలాసార్లు ఏమీ కాకపోవచ్చు. తాను ఆ రెండో రకం మనిషి కాదని మాత్రం అతడు ముందుగా తెలుసుకోలేడు.

వైరస్ నరంలోకి దూరాక పరిస్థితి ఎందుకు మారిపోతుందో కూడా చూడాలి. యాంటీబాడీలు రక్తంలో, కణాల మధ్య ద్రవంలో తిరుగుతూ ఉంటాయి, నాడీకణం లోపలికి ప్రవేశించవు. వైరస్ ఒక నాడీకణం నుంచి మరో నాడీకణానికి వాటి సంధి వద్దే మారుతూ పోతుంది కనుక బయట తేలి కనిపించే సందర్భం తక్కువ. కణం లోపల వైరస్ చొరబడితే ఇంటర్ఫెరాన్ అనే ప్రమాద సంకేతం వెలువడాలి. రేబీస్ వైరస్ ప్రోటీన్లలో ఒకటి ఆ సంకేతాన్ని అణచివేస్తుంది. ఆ పైన రక్తానికీ మెదడుకూ మధ్య సహజంగా ఉండే అడ్డుగోడ ఈ జబ్బులో చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి, రక్షణ కణాలు మెదడులోకి సులువుగా చేరలేవు. టీకా వేయించుకోని రోగుల్లో లక్షణాలు మొదలయ్యాక కూడా చాలా రోజులపాటు రక్తంలో యాంటీబాడీలు కనిపించకపోవడానికి ఇవన్నీ కారణాలే. శరీరానికి శత్రువు వచ్చిన సంగతి తెలిసేసరికే అది మెదడులో ఉంటుంది.

మెదడు చేరాక వైరస్ వేగంగా విస్తరించి, మళ్లీ నరాల వెంబడే బయటి దిక్కుకు మళ్లుతుంది. లాలాజల గ్రంథులకు, కంటి పొరకు, మెడ వెనుక వెంట్రుకల మొదళ్లకు చేరుతుంది. మెడ వెనుక చర్మపు ముక్కను తీసి జబ్బును నిర్ధారించడం ఇందువల్లే సాధ్యమవుతోంది. రోగి మొదట చెప్పే మాట చాలాసార్లు వింతగా ఉంటుంది: ఎప్పుడో మానిపోయిన గాయం దగ్గర తిమ్మిరి, దురద, మంట అంటాడు. తర్వాత నీళ్లు తాగబోతే గొంతు కండరాలు, ఊపిరి కండరాలు ఒక్కసారిగా బిగదీసుకుపోతాయి. కొన్నాళ్లకు నీటిని చూసినా, ముఖానికి గాలి తగిలినా అదే జరుగుతుంది. మధ్యమధ్య అతడు పూర్తి స్పృహలో ఉండి మామూలుగా మాట్లాడతాడు. ఈ జబ్బులో కుటుంబ సభ్యులను ఎక్కువగా కలచివేసేది ఇదే. సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ ఉద్రేక లక్షణాలేవీ లేకుండా, సాధారణంగా కరిచిన చోటి నుంచి మొదలై పక్షవాతంలా పాకుతుంది. దాన్ని వేరే నరాల జబ్బుగా పొరబడే ప్రమాదం ఎక్కువ. 2004లో గబ్బిలం కరిచిన 15 ఏళ్ల అమ్మాయిని అమెరికాలోని మిల్వాకీలో మందులతో కోమాలో ఉంచి బతికించగలిగారు. ఆ పద్ధతిని తర్వాత ఎందరిపైనో ప్రయత్నించినా దాదాపు అందరిలోనూ విఫలమైంది. లక్షణాలు మొదలయ్యాక వైద్యం చేయగలిగింది బాధను తగ్గించడం వరకే. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ దశలో తీసుకువచ్చే రోగుల విషయంలోనూ ఇంతే.

కరిచిన తర్వాత టీకా వేసి జబ్బును ఆపడం అనే ఆలోచనే మిగతా టీకాల తీరుకు విరుద్ధం. మశూచికి ముందుగానే వేసేవారు, పోలియోకు ఇప్పటికీ ముందుగానే వేస్తారు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తన టీకాను జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి వేయించినప్పుడు, పిచ్చికుక్క ఆ పిల్లవాడిని కరిచి రెండు రోజులు దాటింది. ఆ పిల్లవాడు బతికాడు. వైరస్ నిదానంగా నడుస్తుంది కాబట్టి దానికన్నా ముందు రోగనిరోధక శక్తిని నిలబెట్టవచ్చన్న ఆశే ఆ ప్రయత్నానికి ఆధారం. మన దేశంలో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొర్రె మెదడుతో రూపొందించిన టీకాను దశాబ్దాలపాటు వాడారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు భయంగా చెప్పుకున్నవి అవే. అందులోని మెదడు పదార్థం వల్ల కొందరికి పక్షవాతం కూడా వచ్చేది. ప్రభుత్వం 2004 చివరికి దాన్ని పూర్తిగా ఆపివేసింది. ఇప్పుడు వేసేవి కణాల్లో పెంచి చంపిన వైరస్‌తో చేసిన టీకాలు, భుజానికి వేస్తారు. బొడ్డు సూదుల భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేసేవారు ఉన్నారంటే, ఒక పాత మందు జ్ఞాపకం దాని స్థానంలో వచ్చిన కొత్త మందుకు అడ్డు వస్తోందన్నమాట.

టీకా ఎంత మంచిదైనా దానికి ఒక పరిమితి ఉంది. మొదటి మోతాదు పడిన తర్వాత శరీరం తగినన్ని యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో గాయం దగ్గర ఉన్న వైరస్‌కు అడ్డు చెప్పేవారు ఎవరూ ఉండరు. ఒకరోజు ఆలస్యంగా టీకా మొదలుపెడితే ఆ నిస్సహాయ కాలం మరో రోజు పెరుగుతుంది. ఆ ఖాళీని పూరించడానికే రెండు పనులు ఉన్నాయి: గాయాన్ని కడిగి వైరస్ సంఖ్యను తగ్గించడం, ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సీరంతో సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను గాయంలోనే నింపడం. మన దగ్గర కుక్కకాటు అంటే టీకా గురించే అడుగుతారు, ఈ రెండూ మరుగున పడతాయి. తీవ్రమైన కాట్లలో ప్రాణం నిలబడేది ఎక్కువగా వీటి మీదేనని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ కల్పించుకుని దీన్ని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. నాలుగేళ్ల పాప, బరువు 15 కిలోలు. వీధిలో ఆడుకుంటుండగా కుక్క కరిచింది. చెంప మీద ఒక గాటు, చెవి దగ్గర ఒకటి, కుడిచేతి రెండు వేళ్ల మీద రెండు ఉన్నాయి. చర్మం తెగి రక్తం వచ్చింది కనుక ఇది మూడో తరగతి కాటు. కుక్కను తాకడం, అది ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని నాకడం మొదటి తరగతి, దానికి చికిత్స అక్కరలేదు. రక్తం రాకుండా గీరుకుపోవడం, పళ్లు పైపైన నొక్కుకోవడం రెండో తరగతి, దానికి గాయం కడిగి టీకా వేస్తే సరిపోతుంది. రక్తం వచ్చిన కాటు అయినా రక్కు అయినా, తెగిన చర్మాన్ని గానీ నోటిని, కంటిని గానీ కుక్క నాకినా, అవన్నీ మూడో తరగతిలోకే వస్తాయి. వాటికి కడగడం, టీకా, సీరం మూడూ కావాలి.

ఆసుపత్రికి బయలుదేరే ముందే ఇంట్లో కుళాయి కింద ఆ నాలుగు గాయాలనూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలు అన్నది మాటవరసకు చెప్పే సంఖ్య కాదు, గడియారం చూసి లెక్కపెట్టాలి. ఏడుస్తున్న పిల్లను పట్టుకుని కడిగేవారికి మూడు నిమిషాలే చాలా సేపు అనిపిస్తుంది. సబ్బు వైరస్ కొవ్వు పొరను కరిగిస్తుంది, ధారగా పడే నీరు లాలాజలాన్ని, వైరస్‌ను కడుక్కుపోతుంది. బట్టలుతికే సబ్బయినా పనికివస్తుంది. కుళాయి లేకపోతే ఒకరు చెంబుతో ధారగా పోస్తూ ఉండాలి, బేసిన్‌లో నిలవ నీటిలో ముంచి తీయడం చాలదు. పన్ను దిగిన లోతైన గాట్లలోకి ధార వెళ్లేలా చూడాలి కానీ గట్టిగా రుద్దకూడదు, రక్తం పిండకూడదు. జంతువులపై జరిగిన ప్రయోగాల్లో గాయాన్ని బాగా కడగడం ఒక్కటే మరణాలను గణనీయంగా తగ్గించింది. కొన్ని గంటలు గడిచిపోయాక వచ్చినవారికి కూడా ముందు కడిగించడం ఇందుకే. తర్వాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమినాశకం వేయాలి.

కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు పెట్టడం, వాత పెట్టడం మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ఇవి వైరస్‌ను చంపవు. పైగా మంట పుట్టించి కణజాలాన్ని దెబ్బతీస్తాయి, ఆసుపత్రిలో వాటిని తొలగించి కడగడమే మరో పని అవుతుంది. కాలుతున్నట్టు అనిపించేదల్లా మందు పనిచేస్తోందనడానికి గుర్తు అనుకోవడమే ఈ అలవాటు వెనుక ఉన్న నమ్మకం.

ఆసుపత్రిలో పాపకు మొదట సీరం మోతాదు లెక్కగడతారు. గుర్రం నుంచి తీసిన సీరం కిలో బరువుకు 40 యూనిట్ల చొప్పున 15 కిలోలకు 600 యూనిట్లు కావాలి. మిల్లీలీటరుకు 300 యూనిట్లున్న సీసా అయితే అది 2 మిల్లీలీటర్లు. మనుషుల నుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు చాలు. ఇప్పుడు కొన్నిచోట్ల వీటి బదులు ప్రయోగశాలలో తయారుచేసే మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా వాడుతున్నారు. ఆ 2 మిల్లీలీటర్లను నాలుగు గాయాల చుట్టూ, వాటి లోతుల్లోకి సన్నని సూదితో ఎక్కించాలి. ఒక్క గాయం కూడా మిగిలిపోకూడదు, చెవి వెనుక జుట్టులో చిన్న గాటు ఉందేమో వెతికి చూడాలి. మందు అన్నింటికీ సరిపోదనుకుంటే సెలైన్ కలిపి పరిమాణం పెంచుతారు కానీ, లెక్కగట్టిన యూనిట్లకు మించి వేయరు. ఎక్కువ వేస్తే టీకా వల్ల రావలసిన సొంత యాంటీబాడీలు తగ్గే అవకాశం ఉంది. వేళ్ల దగ్గర చోటు తక్కువ కాబట్టి ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగకుండా జాగ్రత్తగా కొద్దికొద్దిగా ఎక్కించాలి. పాపకు ఇది నొప్పి కలిగించే పనే. పిల్ల ఏడుస్తోందని గాయాన్ని వదిలి మందంతా పిరుదు కండరంలో వేస్తే, యాంటీబాడీలు శరీరమంతా పలుచగా పరుచుకుని గాయం దగ్గర కావలసినంత మేర ఉండవు. గుర్రపు సీరానికి అలర్జీ వచ్చే అవకాశం ఎంత తక్కువైనా ఉంది కనుక, దాన్ని ఎదుర్కొనే మందులు పక్కనే పెట్టుకుని వేస్తారు.

చెంప మీది గాటు నోరు తెరుచుకుని ఉంటుంది, తల్లిదండ్రులు మచ్చ పడకుండా వెంటనే కుట్టమంటారు. ఇక్కడే వైద్యుడు ఆగాలి. కుట్టే సూది ప్రతిసారీ వైరస్‌ను లోపలి కణజాలంలోకి, నరాల చివరల్లోకి నెట్టే అవకాశం ఉంటుంది. సాధ్యమైతే కుట్లే వేయరు. తప్పనిసరైతే ముందు సీరం ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, వీలైనన్ని తక్కువ కుట్లు వదులుగా వేస్తారు. కట్టు కూడా గట్టిగా కట్టరు. ధనుర్వాతం టీకా, అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్ ఇస్తారు.

అదే రోజున టీకా మొదటి మోతాదు పడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చర్మం పొరల్లో వేసే పద్ధతి నడుస్తోంది: 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు భుజాలకు, మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో. సరిగ్గా వేసిన చోట చర్మం చిన్న బొబ్బలా పైకి లేస్తుంది. అలా లేవకపోతే మందు కిందికి జారిపోయిందని అర్థం, ఆ మోతాదును మళ్లీ వేయాలి. కండరానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు మోతాదులు ఉంటాయి. అవి భుజానికి, చిన్న పిల్లలకు తొడ ముందు వైపు వేయాలి. పిరుదుకు వేయకూడదు, అక్కడి కొవ్వులో టీకా సరిగా పనిచేయదు. పెద్దవారికీ పిల్లలకూ టీకా మోతాదు ఒకటే, సీరం మోతాదు ఒక్కటే బరువును బట్టి మారుతుంది. టీకా మొదలైన రోజున సీరం దొరకకపోతే ఏడో రోజు వరకు వేయవచ్చు. ఆ తర్వాత సొంత యాంటీబాడీలు పుట్టుకొస్తాయి కాబట్టి వేయరు.

ఇంత చేసినా విఫలమయ్యే కేసులు ఉన్నాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో టీకా మోతాదులు అందుకున్న చిన్నపిల్లలు కొందరు రేబీస్‌తో చనిపోయినప్పుడు, టీకాలే నకిలీవన్న అనుమానం ప్రజల్లో వ్యాపించింది. టీకా నాణ్యతను, దాన్ని నిల్వ చేసిన చల్లదనాన్ని పరిశీలించడం అవసరమే. కానీ ఇటువంటి మరణాల్లో తల, ముఖం, చేతుల మీద పడిన లోతైన కాట్లు తరచుగా కనిపిస్తాయి. గాయం సరిగా కడగకపోవడం, ఏదో ఒక గాటులో సీరం పడకపోవడం, సీరానికి ముందే కుట్లు వేయడం, మొదటి రోజు దాటాక రావడం, వీటిలో ఒకటైనా దొరకడం మామూలు. అరుదుగా అన్నీ సక్రమంగా చేసినా, వైరస్ అప్పటికే నరంలోకి దూరి ఉంటే చేయగలిగింది ఉండదు.

ఇక కుక్క సంగతి. కరిచిన కుక్క లేదా పిల్లి కళ్లముందే ఉండి, పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేదని నమ్మవచ్చు. లాలాజలంలోకి వైరస్ చేరిన కొద్ది రోజులకే కుక్కకు లక్షణాలు కనిపించి అది చనిపోతుంది కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. అయితే ఆ పది రోజులు చికిత్స మొదలుపెట్టకుండా ఎదురుచూడడానికి కాదు. చికిత్స సున్నా రోజునే మొదలవుతుంది. కుక్క నిక్షేపంగా ఉంటే మిగిలిన మోతాదులను ఏం చేయాలో అప్పుడు వైద్యుడు నిర్ణయిస్తాడు. కుక్కకు టీకాలు వేయించామన్న యజమాని మాట మీద మాత్రం చికిత్స ఆపరు.

కరిచి నెల గడిచాక, రెండు నెలలు గడిచాక వచ్చేవారూ ఉంటారు. కరిచిన కుక్క చనిపోయిందని అప్పుడే తెలిసి భయపడినవారో, పసరు మందు మీద నమ్మకం సడలినవారో. వారికి లక్షణాలు లేనంతవరకు, నిన్న కాటు పడినవారికి చేసినట్టే అన్నీ చేస్తారు, ఇంతకుముందు టీకా పడలేదు కాబట్టి మానిన మచ్చ చుట్టూ సీరం కూడా ఎక్కిస్తారు. వైరస్ ఇంకా గాయం దగ్గరే ఉండవచ్చు, లేకపోవచ్చు.